ఏటి సూతకంలో వచ్చే సంక్రాంతి

అమ్మడూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు అడిగినదానికి వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. "పెద్దమ్మా, ఈ పండక్కి అమ్మని హైదరాబాదు తెచ్చేసుకుంటాను, నాన్న లేకుండా ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఉండలేం" అన్నావు. రాత్రంతా అదే ఆలోచించాను. తొమ్మిదేళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే చేశాను కాబట్టి, ఏమైందో ముందు చెబుతాను.

మీ పెదనాన్న కార్తీకంలో పోయారు. రెండు నెలలు తిరక్కుండానే సంక్రాంతి. ఇంటికి తాళం వేసి మీ అన్నయ్యతో బెంగళూరు వెళ్ళిపోయాను. పండగ అక్కడా ఉందని నాకు తోచలేదు. ఆ రోజు పొద్దున్నే పక్క ఫ్లాట్ ఆవిడ నువ్వులూ బెల్లం పళ్ళెంలో పెట్టి తెచ్చి, నవ్వుతూ తలుపు కొట్టింది. అది తీసుకుని స్నానాల గదిలోకి పోయి, కొళాయి తిప్పి, ఏడుపు వినపడకుండా ఏడ్చాను. పైగా అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. ఆయన పేరెత్తి రెండు ముక్కలు చెప్పేవాళ్ళు లేరు. తిరిగొచ్చాక బీరువా తీస్తే, పోయిన దసరాకి ఆయన పండక్కని కొనుక్కున్న పంచె మడత కూడా విప్పకుండా ఉంది. మరుసటి ఏడు సంక్రాంతి వచ్చింది చూడు, అదే నాకు మొదటి పండగ అయ్యింది. ఏడాది ఆలస్యంగా వచ్చింది, అంతే. అప్పటికి అందరూ నేను తేరుకున్నాననుకుని ఎవరి పండగ వాళ్ళు చేసుకుంటున్నారు. అందుకని అమ్మని తీసుకెళ్ళకు. నువ్వే రా.

వచ్చి ఏం చెయ్యాలన్నది నీ అసలు ప్రశ్న. ఏటి సూతకం కాబట్టి తోరణాలూ, గొబ్బెమ్మలూ, ఇంట్లో మూకుడు పెట్టి పిండివంటలు చెయ్యడమూ మనకి లేవు. అవి మానడం కష్టం కాదు. మీ నాన్న చేసే పనులు మాత్రం సూతకం చూసుకుని ఆగవు, వాటి వేళకి అవి వచ్చి నిలబడతాయి. లోటు రోజంతా ఒకేలా ఉండదమ్మా. ఆ మనిషి ఏ వేళకి ఏ పని చేసేవారో ఆ వేళకే పైకి లేస్తుంది. కాబట్టి ఇవాళే ఒక కాగితం తీసుకుని, పండగలో మీ నాన్న చేతి పనులు వేళతో సహా రాయి. నాకు తెలిసినవి చెబుతాను. భోగి నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి దూలం ముక్కలు ఈడ్చి మంట వేసేవారు. చెరకు గడలు నరికి గుమ్మానికి చేర్చేవారు. సంక్రాంతి నాడు పెద్దలకి తర్పణాలు వదిలేవారు, బ్రాహ్మడికి గుమ్మడికాయ ఇచ్చేవారు. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేవారు. ఇంకా నీకే తెలిసినవి ఉంటాయి. ఒక్కోదానికి ఎదురుగా, ఇది ఈ ఏడు ఎవరు చేస్తారో, లేక ఈ ఏడు వద్దో రాసుకోండి. అమ్మ పక్కన కూర్చుని రాయి, నీ అంతట నువ్వు తేల్చెయ్యకు. ఏది వదలాలో ఆవిడకే తెలుస్తుంది. ముందే అనుకున్నది ఆ వేళకి జరగకపోతే బాధగానే ఉంటుంది గానీ, ఎవరూ అనుకోకుండా ఖాళీగా మిగిలిపోయిన వేళ మనిషిని పడేస్తుంది.

భోగిమంట వద్దంటే ఆ నాలుగింటికి అమ్మ ఒక్కతే మెలకువగా ఉంటుంది. వీధిలో అందరి మంటలూ కనబడతాయి. అప్పుడు నువ్వు లేచి ఆవిడ పక్కన కాఫీ గ్లాసుతో కూర్చో. మాట్లాడక్కర్లేదు. నీ కొడుక్కి భోగిపళ్ళు మాత్రం మానొద్దు. వాడికి ఇంకా మూడేళ్ళే, తాతయ్య పోయిన ఏడాదని వాడి పండగ ఆగకూడదని నా అభిప్రాయం. ఇక్కడ నేను గట్టిగా ఒక మాట చెబుతాను. రేగిపళ్ళూ, చిల్లర, చెరకు ముక్కలూ, పూలరేకులూ కలిపిన పళ్ళెం మొదట మీ అమ్మ చేతికివ్వు. ముత్తైదువలే పొయ్యాలని ఎవరైనా అంటారు. అననీ. నా మనవడికి నేనే పోశాను, వాడు ఇప్పుడు ఆరో తరగతి. పేరంటానికి వచ్చినవాళ్ళు అందరికీ బొట్టు పెట్టి, మీ అమ్మ దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన పోయిన రోజుకంటే తక్కువేం కాలేదు. మీ పిన్నితో, పక్కింటివాళ్ళతో ముందే ఫోన్‌లో చెప్పి పెట్టు: అమ్మకి పువ్వు ఇవ్వండి, పండు ఇవ్వండి, దాటిపోకండి అని. నేనూ చెబుతాను. పెద్దదాన్ని, నా మాట వింటారు.

సంక్రాంతి నాడు ఏం చెయ్యాలా అని నువ్వు ఎక్కువ భయపడుతున్నావు కదా. నాకైతే మూడు రోజుల్లోనూ అదే కాస్త తేలిక. ఎందుకంటే అది పెద్దల పండగ. పోయినవాళ్ళకి పీట వేసే రోజు మన ఆచారంలోనే ఉంది. మీ నాన్న ఫోటో ముందు పీట వేసి, కొత్త పంచె, కండువా పెట్టండి. ఆయనకి ఇష్టమైనవి, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, అరిటాకులో వడ్డించండి. పెట్టాక ఒక ముద్ద కాకికి, మిగిలింది అందరూ పంచుకుని తినండి. ఆ పంచె తరవాత తమ్ముడు కట్టుకోవాలి, బీరువాలో దాచకూడదు. దాచితే ఏమవుతుందో నాకు తెలుసు. ఏడాది లోపు బట్టలు పెట్టొచ్చా, తర్పణం ఎలా అన్నది ఇంటింటికీ మారుతుంది, మీ పురోహితుణ్ణి ఈ వారంలోనే అడుగు. వద్దంటే ఆకులో వడ్డించడం ఒక్కటైనా ఉంచుకోండి. ఆ ముద్ద తినేటప్పుడు అందరూ కలిసి ఏడుస్తారు. ఏడవండి. ఒక వేళ పెట్టుకుని అందరి మధ్యా ఏడ్చినది, రాత్రి దిండులో మొహం దాచుకుని ఏడ్చినట్టు ఉండదు.

కనుమ నాడు ప్రభలు వస్తాయి. మీ నాన్న ప్రభ భుజానికెత్తుకుని "అశ్శరభ శరభ" అంటూ కౌశికలో దిగి అవతలి గట్టెక్కేవారు. నడుము దాకా నీళ్ళు, పైన రంగు గుడ్డలతో ఊగే ప్రభ, ఒడ్డున మనమంతా ఊపిరి బిగపట్టుకుని నిలబడటం నీకు గుర్తుందా? తమ్ముడు ఈ ఏడు ఎత్తొచ్చో లేదో ఊరి పెద్దల్ని అడగండి. ఎత్తకపోయినా గట్టు మీద నిలబడొచ్చు. అమ్మ రానంటే బలవంతం చెయ్యొద్దు, నువ్వూ ఉండిపో. వస్తానంటే మాత్రం జనంలో కాకుండా, తోటకి కాస్త ముందే ఏదైనా అరుగు మీద కూర్చోబెట్టు, ఎప్పుడంటే అప్పుడు లేచి రావడానికి వీలుగా.

ఇంక అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ అనుకోనిది. పండగ అయిపోయిన మర్నాటి మధ్యాహ్నం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు ఎవరూ బయల్దేరరు సరే. ముక్కనుమ పొద్దున్న ఒక్కసారిగా నువ్వూ, తమ్ముడూ, మీ పిన్నివాళ్ళూ బస్సెక్కేస్తే, ఆ మధ్యాహ్నం మీ అమ్మ తలుపు వేసుకుని నలుగురు తిన్న కంచాలు కడుగుతూ ఉంటుంది. ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను. మీలో ఒకళ్ళు ఇంకో రెండు రోజులు ఉండేలా ఇప్పుడే సెలవు పెట్టుకోండి. మొదటివాళ్ళు ముక్కనుమకి, రెండోవాళ్ళు ఆ తరవాత. వాళ్ళూ వెళ్ళిన రోజున నేను వచ్చి వారం ఉంటాను.

ఆ వారంలో నేను చూసేవి నీకూ చెబుతాను. బీపీ, షుగరు బిళ్ళలు వేసుకుంటోందా, ఒక పూటైనా కడుపునిండా తింటోందా, తెల్లవార్లూ మెలకువగా ఉంటోందా అని. ఏడవడం చూసి భయపడకు. రోజుల తరబడి తినకపోయినా, "ఆయన దగ్గరికి నేనూ పోతే బాగుణ్ణు" అనే మాట మళ్ళీ మళ్ళీ అన్నా, అది పండగ బెంగ అనుకుని వదిలెయ్యొద్దు, ఒంటరిగా ఉంచొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇలాంటి మనోవేదనకి సర్కారువాళ్ళు పెట్టిన 14416 నెంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఆ నెంబరు నీ ఫోన్‌లో పెట్టుకో. నీకు అవసరమైనా అదే.

అరిసెలు మీ ఇంట్లో చెయ్యరు కాబట్టి మా ఇంట్లో చేస్తాను, మీ ఇంటికి నేనే తెస్తాను. అమ్మని మాత్రం ఆ రోజు మా వంటింటికి తీసుకురా. పాకం పట్టేటప్పుడు ఆవిడ ఎప్పుడూ ఏం చేసేదో నీకు తెలుసు. పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క పాకం వేసి, "ఏమండీ, ఉండ కట్టిందేమో చూడండి" అని మీ నాన్నని పిలిచేది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, నీళ్ళలో వేలు పెట్టి, ఆ చుక్కని గట్టున దొర్లించి, ఉండ మెత్తగా నిలిస్తే తల ఊపేవారు. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది, కాబట్టి ఆ మాట కోసం అందరం ఆగేవాళ్ళం. అక్కడికి వచ్చేసరికి మీ అమ్మ అలవాటుగా గుమ్మం వైపు చూస్తుంది. నేను చూశాను, పెద్దకర్మ రోజు నుంచీ ప్రతి చిన్నదానికీ అలాగే చూస్తోంది. ఆ చూపు గాలిలో ఉండిపోనివ్వకు. నువ్వు పక్కనే ఉండి పళ్ళెంలో వేలు పెట్టు. ఉండ కట్టిందో లేదో నీకు సరిగ్గా తెలియకపోతే, అమ్మనే అడుగు. నాన్న ఎలా చూసేవారని అడుగు. చెబుతుంది.

భోగికి మూడు రోజుల ముందు పాకం. కిలో బియ్యం ముందురోజే నానబోస్తాను, ముప్పావు కిలో బెల్లం తెప్పించాను. పిండి తడి ఆరకముందే పాకంలో పడాలి, కాబట్టి ఉదయం తొమ్మిదింటికల్లా మీ ఇద్దరూ ఇక్కడ ఉండాలి. అమలాపురంలో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, ఆటో పంపిస్తాను.

పెద్దమ్మ