ఒకే 5 శాతం స్టాప్‌లాస్ రెండు షేర్లకు ఎందుకు సరిపోదు?

ప్రశ్న: నాది మిర్యాలగూడ. ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతాను. షేర్ల కోసం 2 లక్షలు విడిగా పెట్టుకున్నాను. ఏ షేరు కొన్నా 5 శాతం కింద స్టాప్‌లాస్ పెడతాను. ఒక షేరు రెండు రోజుల్లోనే స్టాప్‌లాస్ తగిలి అమ్ముడైపోయి, తర్వాత పెరిగింది. మరొకటి మెల్లగా జారుతున్నా స్టాప్‌లాస్ దాకా రాక వారాల తరబడి డబ్బు ఇరుక్కుపోయింది. ఎంత దూరంలో పెట్టాలి?

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. ఆ 5 శాతం మీరు అనుకున్న అంకె. ఆ షేరు రోజూ ఎంత ఊగుతుందో దానికి తెలియదు. ఆ ఊపును రూపాయల్లో కొలిచేదే ఏటీఆర్, అంటే సగటు వాస్తవ శ్రేణి. వెల్స్ వైల్డర్ 1978లో దీన్ని పరిచయం చేశారు. మీ యాప్ చార్టులో ఇండికేటర్ల జాబితాలో ATR అని వెతికితే కనిపిస్తుంది. రోజువారీ చార్టు పెట్టుకుని, ఎన్ని రోజుల సగటో చెప్పే 14 అనే అంకెను అలాగే ఉంచండి.

ఇది ఏం కొలుస్తుందో ఒకసారి చూడండి. నిన్న 400 దగ్గర ముగిసిన షేరు ఈరోజు 388 దగ్గర మొదలై, గరిష్ఠంగా 392, కనిష్ఠంగా 380 తాకిందనుకుందాం. ఈరోజు గరిష్ఠ, కనిష్ఠాల మధ్య తేడా 12 రూపాయలే. కానీ రాత్రికి రాత్రి పడిన దూరం అందులో లేదు. అందుకే నిన్నటి ముగింపు నుంచి ఈరోజు గరిష్ఠానికి, కనిష్ఠానికి ఉన్న దూరాలను కూడా చూసి, మూడింటిలో పెద్దది తీసుకుంటారు. ఇక్కడ అది 400 నుంచి 380 వరకు, అంటే 20. నిన్నటి ఏటీఆర్ 18 అయితే దాన్ని 13తో గుణించి, 20 కలిపి, 14తో భాగిస్తారు. 18.14 వస్తుంది. ఒక్కరోజు కుదుపుకు సగటు కొద్దిగానే కదిలింది చూడండి.

ఇప్పుడు 400 రూపాయల ధరే ఉన్న రెండు షేర్లను తీసుకుందాం. మొదటిదాని ఏటీఆర్ 6, రెండోదానిది 18. మీ లెక్కన రెండింటికీ స్టాప్‌లాస్ 20 రూపాయల కింద, 380 దగ్గర పడుతుంది. రెండో షేరుకు 20 రూపాయలంటే ఒక మామూలు రోజు కదలికకు కాస్త ఎక్కువ, అంతే. అది తగలడానికి చెడ్డ వార్త అక్కర్లేదు. మొదటి షేరుకు మాత్రం అది మూడు రోజుల కదలిక కంటే ఎక్కువ. తప్పు అంచనాతో కొన్నారని తేలిన చాలా కాలానికి గాని బయటపడరు.

కొన్నాళ్లపాటు ఉంచుకునే షేర్లకు ఏటీఆర్‌కు రెండు నుంచి మూడు రెట్ల దూరం సాధారణంగా వాడతారు. మీకు నేను రెండున్నర రెట్లు సూచిస్తాను. మొదటిదానికి దూరం 15 రూపాయలు, స్టాప్‌లాస్ 385. రెండోదానికి 45, అంటే 355.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. దూరం పెరిగితే నష్టం కూడా పెరుగుతుంది కాబట్టి కొనే సంఖ్యను తగ్గించాలి. ఒక్కో కొనుగోలులో 2 లక్షలకు 1 శాతం, అంటే 2,000 మించి పోకూడదని పెట్టుకోండి. 2,000ను 15తో భాగిస్తే 133 షేర్లు, 45తో భాగిస్తే 44. మొదటిదాంట్లో 53,200, రెండోదాంట్లో 17,600 పెడతారు. స్టాప్‌లాస్ ధరకే అమ్ముడైతే రెండింటిలోనూ నష్టం 2,000 లోపే. ఈ రెండో లెక్క చేయనివారు ఏటీఆర్ జోలికి పోకపోవడమే మంచిది.

షేరు పెరిగితే స్టాప్‌లాస్‌ను పైకి జరపండి. రెండోది 450కి చేరి, ఏటీఆర్ 18 దగ్గరే ఉంటే, 45 తీసేసి 405 దగ్గర పెట్టండి. తర్వాత ఏటీఆర్ 24కు పెరిగితే లెక్క 390 అని చెబుతుంది. అయినా 405ను కిందికి దించకండి.

ఒక హద్దు గుర్తుంచుకోండి. ఏటీఆర్ గడిచిన రోజులను మాత్రమే కొలుస్తుంది. షేరు చాలా రోజులు నిశ్చలంగా ఉంటే అంకె చిన్నదవుతుంది. సరిగ్గా అప్పుడే త్రైమాసిక ఫలితాలు వచ్చి ధర ఒక్కసారిగా కింద మొదలైతే, స్టాప్‌లాస్ ధర కంటే చాలా తక్కువకు అమ్ముడుపోవచ్చు, లేదా అమ్ముడే కాకపోవచ్చు. ఆ రోజుకు ధర పడగలిగే కింది హద్దును, అంటే లోయర్ సర్క్యూట్‌ను తాకితే కొనేవారే దొరకకపోవచ్చు. అందుకని ఫలితాల తేదీ ముందే చూసుకుని, అప్పటికి సంఖ్య తగ్గించుకోండి.

వానాకాలం సాగు మొదలైతే దుకాణంలో మీకు ఫోను చూసే తీరిక ఉండదు. మామూలు స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజుతోనే రద్దవుతుంది. చాలా యాప్‌లలో GTT అనే ఆర్డరు ఉంటుంది. ఒకసారి పెడితే రోజూ పెట్టే పని లేదు. అందులో ఆర్డరును కదిలించే ధర, అంటే ట్రిగ్గర్ 355 అయితే, అమ్మే ధరను అంతకంటే కొన్ని రూపాయలు తక్కువగా ఇవ్వండి. రెండూ ఒకటే పెడితే ధర దాటిపోయి ఆర్డరు అలాగే మిగిలిపోవచ్చు. అమ్మిన షేర్లను మీ డీమ్యాట్ ఖాతా నుంచి తీసుకునేందుకు బ్రోకరుకు ముందే ఇచ్చే అనుమతి DDPI. అది ఇచ్చారో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. అది లేకపోతే అమ్మే రోజు మీరు స్వయంగా అనుమతి ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వకపోతే ఆర్డరు తిరస్కరణకు గురికావచ్చు.