డల్లాస్ నుంచి తెనాలికి కారు: బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి?

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. నాన్నకు 67 ఏళ్లు, ఇప్పటికీ తనే నడుపుతారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. వాళ్లకు పది లక్షల అటూ ఇటూగా ఒక ఆటోమేటిక్ కారు కొనిద్దామని ఉంది, కానీ ఈ ఏడాది నేను వచ్చే వీలు లేదు. కారు నా పేరు మీద తీసుకోవాలా, నాన్న పేరు మీదా? డబ్బు నేరుగా షోరూమ్‌కు పంపవచ్చా?

జవాబు: కారు మీ నాన్నగారి పేరు మీదే తీసుకోండి. డబ్బు మీదే అయినా, కారుకు సంబంధించి వచ్చే ప్రతి కాగితం దాని యజమాని సంతకాన్నే అడుగుతుంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 20 మీద ఆ సంతకం ఉండాలి. నాలుగేళ్ల తరువాత కారు అమ్మాలంటే ఫారం 29, 30 మీద ఉండాలి. చెంచుపేట సందులో ఎవరో తలుపు గీసి వెళ్లినా బీమా క్లెయిమ్ మీద యజమానే సంతకం చేయాలి, నగదుగా వచ్చే పరిహారం కూడా యజమాని ఖాతాలోకే వెళ్తుంది. మీ పేరు మీద ఉంటే ఈ పనుల్లో చాలావాటికి మీరు రావాలి, లేదా పవర్ ఆఫ్ అటార్నీ రాసి కాన్సులేట్ ముద్రతో పంపాలి. తలుపు మీద గీతకు అంత తతంగం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో నామినీ పేరు రాయించుకునే వెసులుబాటు 2021 నుంచి ఉంది కాబట్టి అక్కడ అమ్మగారి పేరు రాయించండి.

తల్లిదండ్రులకు పిల్లలు ఇచ్చే కానుక మీద, మొత్తం ఎంతైనా, మన దేశంలో ఆదాయపు పన్ను పడదు. అయినా ఫలానా తేదీన ఇంత మొత్తాన్ని నాన్నగారికి కానుకగా ఇస్తున్నానని ఒక పేజీ రాసి, సంతకం చేసి ఆయనకు పంపండి. అమెరికా వైపు చూస్తే 2025లో ఒక్కొక్కరికి 19,000 డాలర్ల వరకు ఇచ్చే కానుకను అక్కడి ప్రభుత్వానికి తెలియజేయనక్కర లేదు. మీ మొత్తం ఆ లోపే ఉంటుంది.

ఇక ధర విషయానికి వస్తే, పది లక్షల గీత దగ్గర జాగ్రత్త పడాలి. ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్ను ఐదు నుంచి పది లక్షల కార్లకు 14 శాతం, పది దాటితే 17 శాతం, అదీ పైన మిగిలిన భాగం మీద కాదు, మొత్తం ధర మీద. పది లక్షలు దాటిన కారుకు షోరూమ్ వారు ధర మీద ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తారు. ఎక్స్ షోరూమ్ ధర 9,90,000 అయిన కారుకు జీవితకాల పన్ను 1,38,600 రూపాయలు. దానికంటే ఒక మెట్టు పైన ఉన్న 10,20,000 రూపాయల వేరియంట్‌కు అదే పన్ను 1,73,400, దానికి తోడు టీసీఎస్ 10,200. చిల్లర ఫీజులు, సెస్సులు పక్కన పెట్టినా, సన్‌రూఫ్ కోసమో పెద్ద తెర కోసమో ధరలో ఇచ్చే 30,000 తేడా చేతి నుంచి 75,000గా వెళ్తుంది. టీసీఎస్ బిల్లులో ఇచ్చిన పాన్ కింద జమ అవుతుంది కాబట్టి నాన్నగారు రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది, జీవితకాల పన్ను మాత్రం రాదు.

కారు ఎంపికలో నేను రెండే సంగతులు చెబుతాను. రోజూ గుడికీ బజారుకూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ వద్దు, ఎందుకంటే ఇంజిన్ బాగా వేడెక్కని చిన్న ప్రయాణాల్లో పొగ గొట్టంలోని ఫిల్టర్ మసితో మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. రెండోది, టెస్ట్ డ్రైవ్‌కు అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లమనండి. ఆవిడ వెనుక సీట్లోకి మూడుసార్లు ఎక్కి దిగి చూడాలి. దిగేటప్పుడు పాదాలు రెండూ నేల మీద ఆని, సీటు మీద నుంచి చేయి ఊతం లేకుండా లేవగలిగితే ఆ ఎత్తు ఆవిడకు సరిపోయినట్టే. సీటు మరీ కిందకు ఉంటే మోకాళ్లు నొక్కుకుపోతాయి, మరీ పైకుంటే కాలు గాలిలో వేలాడుతుంది.

డబ్బు పంపడంలో నా సలహా, మీ నుంచి నాన్నగారి ఖాతాకు, ఆయన ఖాతా నుంచి షోరూమ్‌కు వెళ్లాలి. మీరు నేరుగా పంపడం తప్పు కాదు, కానీ బిల్లు ఒకరి పేరు మీద, చెల్లింపు మరొకరి నుంచి అయితే షోరూమ్ లెక్కల విభాగం వివరణ పత్రం అడుగుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం బుకింగ్ కోసం 50,000 రూపాయలు సేల్స్‌మన్ సొంత యూపీఐకి పంపింది. నెల తిరగకముందే అతను ఉద్యోగం మానేశాడు, షోరూమ్ వారు తమ పుస్తకాల్లో ఆ జమే లేదన్నారు. అందుకే ఖాతా నంబరు వాట్సాప్‌లో వచ్చినది కాకుండా, నాన్నగారు షోరూమ్‌లో కూర్చొని ముద్రతో తీసుకున్న ప్రొఫార్మా ఇన్‌వాయిస్ మీద ఉన్నదే వాడాలి. బ్యాంకులో ఆర్‌టీజీఎస్ చేసే ముందు లబ్ధిదారు పేరు చూపించమని అడగాలి, ఈ సౌకర్యం 2025 ఏప్రిల్ నుంచి ఉంది. అక్కడ కంపెనీ పేరు కాక వ్యక్తి పేరు కనిపిస్తే లేచి వచ్చేయమనండి. ఇన్‌వాయిస్‌లో హ్యాండ్లింగ్ చార్జీలు అని ఒక వరుస కనబడితే తీసేయమని అడగండి. బీమా కూడా వాళ్ల దగ్గరే కొనాలన్న నిబంధన లేదు, బయట ధర కనుక్కొని రెండూ పోల్చండి.

మిగిలిన పెద్ద మొత్తం కట్టే ముందు కారును కళ్లతో చూడాలి. మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు, తయారైన నెల కనిపించేలా ప్లేటుకు ఫొటో తీసి పంపమనండి. అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21లో కూడా తయారైన నెల, సంవత్సరం రాస్తారు, ఈ రెండూ ఒకటే కావాలి. డిసెంబరులో తయారై జనవరిలో మీ చేతికి వచ్చిన కారు, మళ్లీ అమ్మేటప్పుడు ఏడాది పాతదిగానే లెక్కకొస్తుంది, కాబట్టి అలాంటి దానికి తగ్గింపు అడగడం న్యాయమే. బీమా పత్రంలో పేరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బిల్లుతో అక్షరం అక్షరం సరిపోవాలి, బీమా అమలులోకి వచ్చే సమయం డెలివరీకి ముందుగా ఉండాలి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, సొంత నష్టం బీమా మాత్రం తరచుగా ఏడాదికే ఉంటుంది. రెండో ఏడాది దాన్ని రెన్యూ చేయించడం చాలామంది మరిచిపోతారు, కాబట్టి ఆ తేదీని మీ ఫోన్‌లో పెట్టుకోండి.

బుకింగ్‌కు ముందే చూడవలసిన కాగితం ఒకటి నాన్నగారి జేబులోనే ఉంది, ఆయన డ్రైవింగ్ లైసెన్సు. 55 ఏళ్లు దాటినవారికి ఐదేళ్ల చొప్పునే రెన్యూ చేస్తారు, దానికి వైద్యుడు ఇచ్చే ఫారం 1ఏ కావాలి. గడువు తీరిన లైసెన్సుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. లైసెన్సు ముందూ వెనుకా ఫొటోలు ఈ రోజే తెప్పించుకోండి, గడువు దగ్గర పడి ఉంటే రెన్యువల్ అయ్యాకే కారు బుక్ చేయండి.