చీటీ ఇప్పుడే పాడాలా, చివరిదాకా ఆగాలా?

ప్రశ్న: మా కాలనీలో ఒకావిడ దగ్గర 5 లక్షల చీటీ వేశాను. 20 మందిమి, నెలకు 25 వేలు. ఇది ఆరో నెల. అమ్మాయి కాలేజీ ఫీజుకు 3 లక్షలు కావాలి. ఇప్పుడు పాడితే చేతికి మూడున్నర లక్షలే వచ్చేలా ఉంది. పాడమంటారా?

జవాబు: మూడున్నరకు పాడితే లక్షన్నర వదులుకుంటారు. అందులో 5 శాతం కమీషన్ అనుకుంటే 25 వేలు ఆవిడకు పోతాయి. మిగతా లక్షా పాతిక వేలు 20 మందికీ తలా 6,250 డివిడెండ్‌గా వస్తుంది, అంటే ఈ నెల అందరూ 18,750 కడితే చాలు. కమీషన్ ఆఖరి చీటీకీ తప్పదు కాబట్టి చివరిదాకా ఆగినా మీకొచ్చేది 4,75,000. వాయిదాలు ఎలాగూ కట్టాల్సిందే. కాబట్టి 14 నెలలు ముందుగా డబ్బు తీసుకున్నందుకు మీకు పడే ఖర్చు 1,25,000. మూడున్నర లక్షల మీద ఇది దాదాపు నూటికి రెండున్నర రూపాయల వడ్డీ. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో దాని మీద అప్పు చాలా చవగ్గా దొరుకుతుంది.

అయితే ఆగడం లాభమా కాదా అన్నది ఆవిడ చీటీ రిజిస్టర్ అయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టే ముందే అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సమానమైన డిపాజిట్ సెక్యూరిటీగా చూపాలి. ఆ కాగితాలు చూపించమని అడగండి. చిట్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ కనుక్కోండి.

డిపాజిట్ ఉన్నా పూర్తిగా నిశ్చింత కాదు. పదిహేనో నెలకు ఇంకా పాడనివాళ్లు ఐదుగురు మిగులుతారు. ఒక్కొక్కరూ అప్పటికి సుమారు 3 లక్షలు కట్టి ఉంటారు, మొత్తం 15 లక్షలు. డిపాజిట్ ఐదే లక్షలు. మిగతాదంతా పాడేసినవాళ్లు కట్టే వాయిదాల నుంచే రావాలి. అందుకే డబ్బు ఇచ్చేముందు షూరిటీలు గట్టిగా అడిగేవాళ్లను చూసి విసుక్కోకండి. ఆ పట్టుదల మీలాంటివాళ్లకే రక్ష. షూరిటీ లేకుండా ఇచ్చేస్తుంటే మాత్రం భయపడాలి.

పాడినవాళ్లకు డబ్బు నెలల తరబడి వాయిదా పడుతున్నా, "ఆ డబ్బు మా దగ్గరే ఉంచండి, నూటికి రూపాయిన్నర వడ్డీ ఇస్తాం" అంటున్నా చీటీ కష్టాల్లో ఉందని అర్థం. పాత చీటీ బాకీలు తీర్చడానికి కొత్త చీటీ మొదలుపెట్టినా అంతే.

రిజిస్టర్ అయి, సరిగ్గా నడుస్తుంటే ఫీజుకు బంగారం మీద అప్పు తీసుకుని ఆగండి. రిజిస్టర్ కాకపోతే ఆ లక్షా పాతిక వేల కోసం ఆశపడొద్దు, ఈ నెలే పాడండి. డబ్బు మీ ఖాతాలో పడేలా చూసుకోండి, రూపాయి కూడా ఆవిడ దగ్గర ఉంచకండి. మిగతా వాయిదాలు తప్పకుండా కట్టి, ప్రతిసారీ పాస్‌బుక్‌లో సంతకం తీసుకోండి.