తెల్ల బంగారు ఉంగరానికి రోడియం పూత

ప్రశ్న: "ఏడాదిన్నరగా రోజూ పెట్టుకుంటున్న తెల్ల బంగారు ఉంగరం అరచేతి వైపు పసుపుగా మారింది. బంగారం నకిలీదా? పూత ఎన్నాళ్లకొకసారి వేయించాలి?"

నకిలీ కానక్కరలేదండీ. పసుపు బంగారంలో పల్లాడియం గానీ నికెల్ గానీ కలిపితే వచ్చే లోహం పూర్తిగా తెల్లగా ఉండదు, లేత పసుపు ఛాయ మిగులుతుంది. దానిని కప్పడానికే పైన రోడియం పూత వేస్తారు. రోడియం గట్టి లోహమే, కానీ ఆ పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్‌కు లోపే ఉంటుంది కనుక, తలుపు పిడులు, స్టీరింగు, గిన్నెలు పట్టుకున్నప్పుడల్లా రాపిడి తగిలే అరచేతి వైపే అది ముందుగా అరుగుతుంది. పై భాగం తెల్లగానే ఉండి అడుగు మాత్రమే పసుపెక్కడం అరుగుదలకు స్పష్టమైన గుర్తు.

రోజూ ధరించే ఉంగరానికి ఏడాది నుంచి రెండేళ్లకొకసారి మళ్లీ పూత అవసరమవుతుంది. అదే లోహంతో చేసిన చెవిపోగులకు రాపిడి తక్కువ కాబట్టి చాలా ఏళ్లు ఆగుతుంది. అయితే తేదీ చూసి వేయించకండి, రంగు మీకు ఇబ్బందిగా తోచినప్పుడే వేయించండి. ఎందుకంటే పూతకు ముందు గీతలు పోయేలా మెరుగు పెడతారు, అప్పుడు ప్రతిసారీ కొంత బంగారం అరిగిపోతుంది. సన్నని ఉంగరాలకు, రాళ్లను పట్టి ఉంచే కొక్కేలకు ఇది చిన్న నష్టం కాదు. పూత పోయిన చోట చర్మం దురదపెడితే మాత్రం నికెల్‌ను అనుమానించి, ఆలస్యం చేయకుండా వేయించుకోండి.