ఫొటో చూసి ఐదు వందల నోటు అసలుదో నకిలీదో చెప్పవచ్చా?

"కొట్టులో ఎవరో ఇచ్చిన 500 నోటు మీద అనుమానంగా ఉంది. ఫొటో పెడితే దొంగనోటో కాదో చెప్పగలరా? పచ్చ తీగ గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే నకిలీదే అంటున్నారు, నిజమేనా?"

తీగ సంగతి ముందు తేల్చేద్దాం. అది ఎన్నాళ్లుగానో వాట్సాప్‌లో తిరుగుతున్న పుకారు. తీగ గవర్నరు సంతకం వైపు ఉన్నా, గాంధీ బొమ్మ వైపు కాస్త జరిగి ఉన్నా రెండూ చెల్లుతాయని ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయమే ప్రకటించింది. చూడవలసింది ఆ తీగ కాగితం లోపల ఉందా, పైన ఉందా అన్నది.

ఇక ఫొటో. బల్ల మీద పరిచి పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు. మంచి స్కానరు, ప్రింటరు ఉన్నవాడు సరిగ్గా ఆ దృశ్యాన్నే తయారు చేస్తాడు కదా. నేను బ్యాంకు క్యాష్ కౌంటరులో పని చేసినవాణ్ణి కాబట్టి బంధువులు తరచూ ఇలాంటి ఫొటోలు పంపుతుంటారు. వాళ్లను నేను అడిగేవి వెలుతురు మార్చి తీసిన ఫొటోలు. పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపమంటాను, లేకపోతే వాట్సాప్ కుదించి సన్నని గీతలన్నీ అలికేస్తుంది.

మొదటిది, పగటిపూట కిటికీకి ఎదురుగా నోటు పట్టుకుని, వెలుతురు వెనకనుంచి వచ్చేలా తీసిన ఫొటో. ముందువైపు కుడిపక్కన ఖాళీగా కనిపించే చోట గాంధీ ముఖం, 500 అంకె తేలాలి. వాటర్‌మార్క్ అంటే సిరాతో వేసిన బొమ్మ కాదు. కాగితం తయారయ్యేటప్పుడే ఒకచోట పలుచగా, ఒకచోట మందంగా వచ్చేలా చేస్తారు. అందుకే చెంప దగ్గర వెలుగు, మెడ దగ్గర నీడ, వాటి మధ్య మెల్లగా మారే ఛాయలు ఉంటాయి. 500 అంకె మాత్రం చుట్టూ ఉన్న కాగితం కంటే స్పష్టంగా తెల్లగా మెరుస్తుంది.

మా చెల్లెలి కొడుకు కిరాణా కొట్టు నడుపుతాడు. వాడు పంపిన ఒక నోటు మామూలు ఫొటోలో నిక్షేపంగా ఉంది. కిటికీ ఫొటోలో గాంధీ ముఖం కనబడింది కానీ, అంచులు కత్తిరించినట్టున్నాయి, లోపలంతా ఒకే బూడిద రంగు. పైగా వెలుతురు వెనక లేకుండా తీసిన ఫొటోలోనూ ఆ ముఖం లీలగా కనిపిస్తోంది. అంటే ఎవరో దాన్ని అచ్చు వేశారు. తీగ ఇంకా తేలిగ్గా దొరికిపోయింది. అసలు నోటులో తీగ కాగితంలోకి దూరి, అక్కడక్కడ పైకి వస్తుంది. అందువల్ల మామూలుగా చూస్తే ముక్కలుగా, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పైనుంచి కిందికి తెగని ఒకే గీతగా కనిపిస్తుంది. వాడి నోటులో వెలుతురుకు పట్టినా ముక్కలు ముక్కలుగానే మిగిలింది. మధ్య ఖాళీల్లో ఏమీ లేదు. ఏటవాలుగా తిప్పి మరో రెండు ఫొటోలు తీయమన్నాను. అసలు తీగ ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి, ఇది రెండింటిలోనూ అదే ఆకుపచ్చ.

అచ్చు గరుకుదనానికి వేరే ఫొటో కావాలి. గది చీకటి చేసి, టార్చిని నోటుకు దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేయండి. గాంధీ బొమ్మ, అశోక స్తంభం, రెండు అంచుల్లో ఉండే ఐదేసి ఏటవాలు గీతలు ఉబ్బెత్తు ముద్రణ. లోహపు పలకలో చెక్కిన గాళ్లలోని సిరాను బలంగా అదిమితే కాగితం మీద గట్టులా నిలుస్తుంది. పక్క వెలుతురులో ఆ గట్లకు నీడలు పడతాయి. దొంగనోటులో గీతలు చదునుగా, సాధారణంగా నీడలు లేకుండా ఉంటాయి. మరీ దగ్గరగా తీస్తే ఇంకొకటీ బయటపడవచ్చు. అసలు నోటులో సన్నగీత ఒకే రంగు సిరాతో అఖండంగా ఉంటుంది, ఇంక్‌జెట్ ప్రింటరులో వచ్చినది రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది.

అయితే గరుకుదనం ఒక్కదాన్నే నమ్మకండి. జేబులో ఉండగా చొక్కాతోపాటు ఉతుకులో పడిన నోటు, చేతులు మారి నలిగిన నోటు కూడా నున్నగా అయిపోతాయి. కాగితం లోపల ఉన్న వాటర్‌మార్కూ తీగా అంత తొందరగా పోవు. అందుకే ఈ రెండూ బాగుండి గరుకు మాత్రమే తగ్గితే నేను పాత నోటనే అనుకుంటాను. అవి రెండూ సరిగా లేకపోతే మాత్రం మిగతా ఎంత బాగున్నా వద్దంటాను.

అనుమానం బలపడితే ఆ నోటు మరొకరికి ఇవ్వకండి. తెలిసీ చలామణి చేయడం నేరం. బ్యాంకుకు తీసుకెళ్తే నకిలీదని తేలిన నోటు మీద ముద్ర వేసి ఉంచేసుకుంటారు, రసీదు ఇస్తారు, డబ్బు తిరిగి రాదు. మా వాడికీ అలాగే ఐదు వందలు పోయాయి. ఒకేసారి ఐదు లేదా అంతకంటే ఎక్కువ దొంగనోట్లు తేలితే బ్యాంకు పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి ఉంటుంది, కాబట్టి ఎవరి దగ్గర, ఎప్పుడు తీసుకున్నారో గుర్తున్నంత వరకు రాసి పెట్టుకుని వెళ్లండి.