వెల్డు పక్కన గీతలా తుప్పు: తప్పు స్టీలుదా, వెల్డింగ్‌దా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో వెనిగర్ నిల్వకు 304 స్టెయిన్‌లెస్ ట్యాంకు చేయించాం. రెండేళ్లు తిరగకముందే అడుగు నుంచి కారుతోంది. తుప్పు వెల్డు మీద లేదు. దానికి నాలుగైదు మిల్లీమీటర్ల పక్కన, వెల్డు వెంబడే గీత గీసినట్టు ఉంది. స్టీలు నకిలీదని ఫ్యాబ్రికేటర్, వెల్డింగ్ బాగా లేదని స్టీలు వ్యాపారి అంటున్నారు. ఎవరి మాట నిజం? ఈసారి 304ఎల్ వాడితే సరిపోతుందా?

జవాబు:

నాలుగైదు మిల్లీమీటర్ల దూరం అన్నారు చూడండి, అసలు ఆధారం అదే. ఇది చాలావరకు సెన్సిటైజేషన్ అయి ఉంటుంది. వర్క్‌షాపుల్లో దీన్ని వెల్డ్ డికే అంటారు. అదే నిజమైతే మీ స్టీలు అచ్చమైన 304 కావచ్చు, వెల్డు అతుకు కూడా గట్టిగానే ఉండవచ్చు. నేను గుంటూరు, విజయవాడ పరిసరాల్లో డెయిరీలకు, ఆహార పరిశ్రమలకు తయారయ్యే ట్యాంకుల తనిఖీ చేస్తుంటాను. మీలాగే ఇద్దరి మధ్య నలిగిపోయే యజమానులను చాలామందిని చూశాను. చాలాసార్లు తేలేదేమిటంటే, ఆ మందానికి, ఆ వేడికి సరిపడే కార్బన్ ఉన్న ప్లేటును ఎంచుకోవాలని ఎవరికీ తోచలేదు.

ముందు లోపల జరిగేది చెబుతాను. 304లో సుమారు 18 శాతం క్రోమియం ఉంటుంది. ఉపరితలం మీద కంటికి కనిపించని రక్షణ పొర నిలవాలంటే ప్రతిచోటా కనీసం 11, 12 శాతమైనా ఉండాలి. స్టీలులో కార్బన్ చాలా తక్కువ. స్టాండర్డును బట్టి 304కు 0.07 లేదా 0.08 శాతం దాకా అనుమతి ఉంది. లోహాన్ని సుమారు 425 నుంచి 850 డిగ్రీల మధ్య కాసేపు ఉంచితే ఈ కార్బన్ లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల సరిహద్దులకు చేరి, అక్కడ క్రోమియంతో కలిసి Cr₂₃C₆ అనే కార్బైడ్‌గా ఏర్పడుతుంది. ఆ ఫార్ములాను బరువుల్లోకి మార్చి చూస్తే ఒక గ్రాము కార్బన్ పదహారు గ్రాములకు పైగా క్రోమియాన్ని పట్టుకుంటుంది. ప్లేటులోని 0.06 శాతం కార్బన్ మొత్తం అలా మారినా పోయే క్రోమియం ఒక్క శాతమే, ఇంకా 17 శాతం మిగులుతుంది. అయినా లోహం దెబ్బతింటుంది. కార్బన్ పరమాణువు చిన్నది కాబట్టి స్ఫటికం లోపలి నుంచి కూడా త్వరగా సరిహద్దుకు చేరుతుంది. క్రోమియం అంత త్వరగా కదలలేదు. అందుకే కార్బైడ్‌కు కావలసిన క్రోమియమంతా సరిహద్దును ఆనుకుని ఉన్న సన్నని పొర నుంచే పోతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని ఆ పొరలో క్రోమియం 12 శాతం కన్నా దిగిపోతుంది. ఆమ్లం ఆ దారి పట్టుకుని స్ఫటికాల మధ్యకు దిగుతుంది.

మరి తుప్పు వెల్డు మీద కాకుండా పక్కన ఎందుకు వస్తుంది? వెల్డును ఆనుకున్న లోహం వెయ్యి డిగ్రీలు దాటి, ఆ ప్రమాదకరమైన మధ్య వేడిని త్వరగా దాటుకుంటూ చల్లారుతుంది. కొన్ని మిల్లీమీటర్ల అవతల ఉన్న లోహం అంత పైకి పోదు. 650, 700 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే ఎక్కువసేపు ఉండిపోతుంది. కార్బైడ్ అతి వేగంగా ఏర్పడేది సరిగ్గా ఆ వేడిలోనే. అందుకే తుప్పు వెల్డుకు అటూ ఇటూ సమాంతర గీతల్లా కనిపిస్తుంది.

గుంటూరు దగ్గర ఒక డెయిరీలో చూసిన ట్యాంకు సంగతి చెబితే మీ ప్రశ్న ఇంకాస్త తేటపడుతుంది. పైపులు, యంత్రాలు కడగడానికి వాడే నైట్రిక్ ఆమ్ల ద్రావణం నిల్వ చేసే ట్యాంకు అది. గోడలు 3 మిల్లీమీటర్ల షీటు, అడుగు డిష్ 6 మిల్లీమీటర్ల ప్లేటు. రెండింటి మిల్లు సర్టిఫికెట్లలోనూ కార్బన్ 0.06 శాతమే. గోడల అతుకులన్నీ శుభ్రంగా ఉన్నాయి. అడుగున డ్రెయిన్ నాజిల్ చుట్టూ మాత్రం కారుతోంది. కార్బన్ ఒకటే, ఆమ్లం ఒకటే, వెల్డింగ్ చేసినవారూ ఒకరే. తేడా అంతా వేడి నిలిచిన సమయంలో ఉంది. పలుచని గోడకు ఒకే వరుస వెల్డు సరిపోయింది, చల్లారడమూ త్వరగా జరిగింది. నాజిల్ దగ్గర మందమైన ప్లేటు, దాని మీద పటిష్ఠం కోసం మరో ముక్క, ఒకదాని మీద ఒకటి అనేక వరుసల వెల్డు. ప్రతి వరుసకూ పక్కనున్న అదే మేర మళ్లీ మళ్లీ కాగింది. పైగా గాఢ ఆమ్లాన్ని పైనుంచి పోస్తున్నారు. అది నీటికన్నా బరువు కాబట్టి, కలిసిపోయే ముందు కాసేపు నాజిల్ దగ్గరే గాఢంగా నిలిచేది.

అంతకన్నా పెద్ద నష్టం మరమ్మతులతో జరిగింది. కారిన ప్రతిసారీ గ్రైండింగ్ చేసి అక్కడే మళ్లీ వెల్డు వేశారు. అలా వేసినప్పుడల్లా దెబ్బతిన్న పట్టీ మరికాస్త బయటికి జరిగింది, లోహంలో వేడి సమయం మరింత పెరిగింది. మేం చిన్న సుత్తితో తట్టి చూస్తే డిష్ మిగతా భాగం ఖంగున మోగింది. నాజిల్ చుట్టూ మాత్రం చప్పుడు మొద్దుగా ఉంది. అక్కడి నుంచి ఒక సన్నని పట్టీ కోసి వంచితే, వెల్డు చెక్కుచెదరలేదు. దాని పక్కన పగుళ్లు విచ్చుకుని, లోహం పంచదార పలుకుల్లా వేళ్ల మీదికి రాలింది. స్ఫటికాలు స్ఫటికాలుగానే ఉన్నాయి, వాటిని పట్టి ఉంచినది పోయింది.

మీ ట్యాంకులోనూ తగువు తీరాలంటే ఒక ముక్క కోయక తప్పదు. వ్యాపారులు చేతిలో పట్టుకుని చూపించే ఎక్స్‌రే గన్ మీద మాత్రం ఈ విషయంలో ఆధారపడకండి. క్రోమియం 18, నికెల్ 8 చూపిస్తే స్టీలు నకిలీ కాదని, మాంగనీస్ ఎక్కువగా ఉండే 200 సిరీస్ మీకు అంటగట్టలేదని తెలుస్తుంది. కానీ ఆ గన్ కార్బన్‌ను కొలవలేదు. 304కూ 304ఎల్‌కూ ఉన్న తేడా అంతా కార్బన్‌లోనే ఉంది. అది తెలియాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబుకు ముక్క పంపాలి. అదే ముక్క మీద ఏఎస్‌టీఎం ఏ262 స్టాండర్డులోని ఆగ్జాలిక్ ఆమ్ల పరీక్ష అడగండి. నున్నగా పాలిష్ చేసిన ముక్కను పది శాతం ఆగ్జాలిక్ ఆమ్లంలో ఉంచి, చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ చొప్పున ఒకటిన్నర నిమిషం విద్యుత్తు పంపుతారు. మైక్రోస్కోపు కింద స్ఫటికాల సరిహద్దులు మెట్లలా కనబడితే లోహం బాగున్నట్టే. స్ఫటికాన్ని పూర్తిగా చుట్టేసిన లోతైన కాలువలు కనబడితే సెన్సిటైజేషన్ అనుమానం బలపడుతుంది. దాన్ని ఖాయం చేసుకోవడానికి అదే స్టాండర్డులో కాపర్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి వంచి చూసే పరీక్ష ఉంది. ముక్క వెల్డును, దాని పక్క పట్టీని కలిపి కోసినదై ఉండాలి. దూరంగా ఉన్న ప్లేటు నుంచి కోసి పంపితే అంతా బాగుందనే నివేదికే వస్తుంది.

కోసే ముందు ఒకటి చూసుకోండి. వెల్డింగ్ వేడికి వచ్చిన నీలి, గోధుమ రంగు మచ్చలను పికిలింగ్ పేస్టుతో తీయకపోయినా అక్కడ తుప్పు కనిపిస్తుంది. అది పైపైనే ఉంటుంది, శుభ్రం చేస్తే పోతుంది. మీ ట్యాంకు కారుతోంది కాబట్టి అదొక్కటే కారణం కాలేదు.

ఇక 304ఎల్ సంగతి. ఇందులో కార్బన్ 0.03 శాతానికి మించదు. 0.08 శాతం కార్బన్ ఉంటే 700 డిగ్రీల దగ్గర నిమిషం లోపే కార్బైడ్ మొదలవుతుంది. 0.05 దగ్గర కొన్ని నిమిషాలు పడుతుంది, 0.03 దగ్గరకు వచ్చేసరికి గంటలు కావాలి. ఎన్ని వరుసల వెల్డు వేసినా ఒక చోటు మొత్తం కలిపి అన్ని గంటలు ఆ వేడిలో ఉండదు. వెల్డింగ్ వరకు 304ఎల్ సమస్యను తీర్చేది ఈ కారణం వల్లే. ఫిల్లర్ తీగ కూడా 308ఎల్ అయి ఉండాలి. ప్లేటు మీద, తీగ మీద నూనె, గ్రీజు, పెయింటు గీతలు ఉంటే తుడవాలి, ఎందుకంటే వేడికి అందులోని కార్బన్ లోహంలోకి దిగుతుంది. డబ్బు పెట్టి కొన్న తక్కువ కార్బన్ గ్రేడును అలా చెడగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

టైటానియం కలిపిన 321, నియోబియం కలిపిన 347 కూడా ఇదే పని వేరే దారిలో చేస్తాయి. ఆ మూలకాలు క్రోమియంకన్నా ముందు కార్బన్‌ను పట్టేసుకుంటాయి. ఏళ్ల తరబడి 450 డిగ్రీలకు పైన నడిచే పరికరాలకు అవి సరైనవి, ఎందుకంటే అంత కాలంలో 304ఎల్ కూడా సెన్సిటైజ్ కాగలదు. వెనిగర్ ట్యాంకుకు వాటి అవసరం లేదు. మొత్తం ట్యాంకును 1040 డిగ్రీలకు పైగా వేడి చేసి నీటిలో ముంచితే కార్బైడ్ కరిగి లోహం మళ్లీ బాగవుతుంది. కానీ అంత పెద్ద ట్యాంకు వంకర పోకుండా ఆ వేడిని తట్టుకోదు.

డెయిరీ ట్యాంకుకు చివరికి మేం చేయించింది డిష్ మొత్తాన్ని మార్చడం. నాజిల్ చుట్టూ మాత్రమే ముక్క కోసి 304ఎల్ అతికిస్తే, కొత్త వెల్డు అంచు మళ్లీ పాత 0.06 కార్బన్ ప్లేటు మీదే పడుతుంది. మందమైన ప్లేటు కాబట్టి కథ మళ్లీ మొదటికి వస్తుంది. డిష్ అంతా 304ఎల్‌తో చేసి, దాని అంచును పలుచన చేసి 3 మిల్లీమీటర్ల గోడకు కలిపితే పాత స్టీలు తాకే వెల్డు ఒక్కటే, అదీ తక్కువ వేడితో ఒకే వరుసలో పూర్తయ్యేది. ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య ప్లేటు 150 డిగ్రీల లోపు చల్లారే దాకా ఆగమని వెల్డర్‌కు చెప్పాం. మీ ట్యాంకు గోడలు బాగుంటే మీరూ అడుగు మాత్రమే మార్పించుకోవచ్చు.

మీ వెనిగర్‌లో ఉప్పు కలుస్తుంటే మాత్రం 304ఎల్ దగ్గర ఆగకండి. ఉప్పులోని క్లోరైడ్ చేసే గుంటల తుప్పుకు తక్కువ కార్బన్ మందు కాదు, దానికి మాలిబ్డినం కావాలి. అప్పుడు 316ఎల్ ప్లేటు, 316ఎల్ తీగ తీసుకోండి. కొనేటప్పుడు ఆర్డరులో గ్రేడు పేరుతో పాటు "కార్బన్ 0.03 శాతం మించరాదు" అని రాయించండి. ప్లేటు మిల్లులో ఏ విడత కరిగించిన స్టీలుదో చెప్పే హీట్ నంబరు ప్లేటు మీద ముద్రించి ఉంటుంది. ఆ నంబరు, సర్టిఫికెట్‌లోని నంబరు ఒకటేనా అన్నది ప్లేటు కోయకముందే చూసుకోండి. కోసిన తర్వాత ఆ నంబరు ఏ ముక్క మీద మిగిలిందో వెతకడం కష్టం.