కొన్నాక ధర తగ్గింది, తేడా డబ్బులు వెనక్కి ఇస్తారా?

"మొన్న ఆన్‌లైన్‌లో వాషింగ్ మెషిన్ ఆర్డర్ పెట్టాను. ఇంకా రాలేదు. ఈరోజు చూస్తే రెండున్నర వేలు తగ్గింది. తేడా వెనక్కి ఇస్తారా, లేక క్యాన్సిల్ చేసి మళ్లీ పెట్టుకోవాలా?"

తేడా అయితే ఇవ్వరండి. అమెరికాలో కాస్ట్‌కో లాంటి చోట 30 రోజుల్లోపు ధర తగ్గితే అడిగి తీసుకోవచ్చు. మన దగ్గర పెద్ద సైట్లలో మామూలుగా ఆ పద్ధతి లేదు. కస్టమర్ కేర్‌ని అడగడంలో తప్పులేదు గానీ, చాలాసార్లు వాళ్లే క్యాన్సిల్ చేసి మళ్లీ పెట్టుకోమంటారు.

క్యాన్సిల్ చేసే ముందు పైన కనిపించే ధర కాదు, చివరికి మీ చేతి నుంచి పోయే మొత్తం చూడండి. దసరా సేల్‌లో మా ఫ్రిజ్‌కి ఇలాగే అయింది. ధర 24,990, కార్డు ఆఫర్‌లో 1,500 పోయి 23,490 కట్టాం. తర్వాత ధర 22,490కి దిగింది. చూడ్డానికి 2,500 తేడా. కానీ ఆఫర్ షరతుల్లో 'ఒక కార్డుకు ఒక్కసారే' అని ఉంది. క్యాన్సిల్ చేసినా ఆ అవకాశం తిరిగి రాలేదు, అదే కార్డుతో పేమెంట్ పేజీ దాకా వెళ్తే డిస్కౌంట్ పడలేదు. అంటే మిగిలేది వెయ్యే. మా తమ్ముడి కార్డుకి ఆఫర్ పడింది కాబట్టి 20,990కి వచ్చింది. ఈఎంఐలో కొని ఉంటే ప్రాసెసింగ్ ఫీజు కూడా లెక్కలో వేసుకోండి. ఆర్డర్ క్యాన్సిలైనా చాలా బ్యాంకులు దాన్ని తిరిగివ్వవు.

రెండో ఆర్డర్ కన్‌ఫర్మ్ అయ్యాకే మొదటిది క్యాన్సిల్ చేయండి. ముందే తీసేస్తే ఈలోపు స్టాక్ అయిపోవచ్చు, ధర మళ్లీ పెరగొచ్చు. కొత్త ఆర్డర్‌లో సెల్లర్ పేరు, మోడల్ నంబర్ చివరి అక్షరాలు, డెలివరీ తేదీ కూడా సరిచూసుకోండి. ధర తగ్గింది అనుకున్నది ఒక్కోసారి వేరే మోడల్ అయి ఉంటుంది. కొన్నాళ్లు రెండు ఆర్డర్ల డబ్బూ ఇరుక్కుంటుంది, కార్డు లిమిట్ సరిపోతుందో లేదో చూసుకోండి.

ఇంకా షిప్ కాకపోతే యాప్‌లో క్యాన్సిల్ నొక్కితే చాలు, రీఫండ్ కొద్ది రోజుల్లో వస్తుంది. బండి బయల్దేరాక కూడా డెలివరీ అబ్బాయికి వద్దని చెప్పి పంపేయొచ్చు, ఓటీపీ మాత్రం చెప్పకండి. ఓటీపీ చెప్తే సరుకు మీకు అందినట్టే లెక్క. ఇలా వెనక్కి పంపినప్పుడు వస్తువు సెల్లర్‌కి చేరాకే సాధారణంగా రీఫండ్ మొదలవుతుంది, అందుకే ఆలస్యమవుతుంది.

మెషిన్ దిగి ఇన్‌స్టాల్ కూడా అయిపోతే ఇక దారి దాదాపు లేనట్టే. ఇలాంటి పెద్ద సామాన్లకు ఎక్కువగా రీప్లేస్‌మెంట్ మాత్రమే ఉంటుంది, అదీ లోపం ఉంటేనే. ధర తగ్గిందన్న కారణం అక్కడ చెల్లదు. మీకింకా డెలివరీ కాలేదు కాబట్టి, ఈరోజే ఇంకో కార్డుతో పేమెంట్ పేజీ దాకా వెళ్లి చివరి మొత్తం ఎంత పడుతుందో చూడండి.